ఇంట్లో జిక్ర్, సమా పెడుతున్నాం: ఢోలక్ ఉండొచ్చా? షరతులు తెలిసినవాళ్లు చెప్పండి

కొర్లగుంట రఫీ
అందరికీ సలాం, నమస్కారం. నాన్నగారి పీర్ సాబ్ ఉరుసు తేదీకి తిరుపతిలో మా మేడ మీద చిన్న మహఫిల్ పెట్టాలనుకుంటున్నాం. ఇషా నమాజ్ అయ్యాక ఖురాన్ చదవడం, ఫాతిహా, కాసేపు జిక్ర్, ఆ తర్వాత సమా, అంటే సూఫీ పాటలు వినే మజ్లిస్. కడప వైపు నుంచి కవ్వాల్ బృందం వస్తామన్నారు. వాళ్ల దగ్గర హార్మోనియం, ఢోలక్ ఉంటాయి, చప్పట్లు ఎలాగూ ఉంటాయి.

ఇంట్లో గొడవ ఇక్కడే మొదలైంది. మా చిన్నాన్న "మనం హనఫీలం, బాజాలు హరాం, నేను రాను" అంటున్నారు. మా మామేమో "మన సిల్సిలా చిష్తీ, సమా లేకుండా ఉరుసేంటి" అంటున్నారు. మసీదు ఇమాం సాబ్‌ను పిలిస్తే "జిక్ర్ దాకా కూర్చుంటాను బేటా, బాజా మొదలైతే లేచి వెళ్తాను, ఏమనుకోవద్దు" అన్నారు. ఆ మాటకు మామ అలిగారు.

హరామా హలాలా అని ఒక్క ముక్కలో తేల్చమని అడగట్లేదు. సమా విన్న పెద్దలు దానికి ఏ షరతులు పెట్టారు, ఢోలక్ సంగతేంటి, కూర్చునే పద్ధతేంటి, ఇవి తెలిస్తే చెప్పండి.

హనఫీ విద్యార్థి
భాయ్, ఇందులో చర్చే లేదు. నలుగురు ఇమాములూ సంగీతం హరాం అన్నారు. దేవ్‌బంద్ ఉలమా అదే మాట చెప్తారు. బరేల్వీలు మాత్రమే కవ్వాలీ జాయిజ్ అంటారు. మీ ఇంట్లో వాళ్లు ఏ జమాత్ అయితే ఆ ప్రకారం చేసుకోండి, టెన్షన్ ఎందుకు?

అలిపిరి వాకర్
రఫీ గారూ, మేడ మీద అంటున్నారు కాబట్టి ఒకటి చెప్తాను. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. మా వీధిలో భజన మండలి వాళ్లకి ఈ విషయంలో పోలీసులు వచ్చి చెప్పి వెళ్లారు. ఇషా తర్వాత మొదలుపెడితే మీకు టైం చాలదు. పర్మిషన్ కాగితం ముందే చూసుకోండి. షరతులంటే ఇదే ముఖ్యమైనది.

కొర్లగుంట రఫీ
సార్, మైకు పెట్టట్లేదు. నేను అడిగింది మతపరమైన షరతులు. అయినా చెప్పినందుకు థాంక్స్, టైం సంగతి గుర్తుపెట్టుకుంటాను.

పీలేరు మాస్టారు
విద్యార్థి గారూ, మీరు చెప్పినదాంట్లో సగమే సరి. అహ్మద్ రజా ఖాన్ బరేల్వీ (1856–1921) బాజాలతో కవ్వాలీ నాజాయిజ్ అనే ఫత్వా ఇచ్చారు. విన్నవాళ్లందరూ పాపం చేసినట్టే, అందరి పాపమూ పిలిచి పెట్టించినవాళ్ల మీద కూడా పడుతుందని రాశారు. అటు చూస్తే, దేవ్‌బంద్ పెద్దలు చాలామందికి పీర్ అయిన హాజీ ఇమ్దాదుల్లా మక్కీ ఖుద్దుగా చిష్తీ సాబిరీ. ముస్లింల మధ్య తగాదా పడే ఏడు విషయాల మీద ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. అందులో ఉరుసు, సమా కూడా ఒకటి. ఒకరినొకరు తిట్టుకోకండి అన్న ధోరణి దానిది. కాబట్టి జమాత్ పేరు చూసి ఈ తీర్పు చెప్పలేం.

రఫీ, నువ్వడిగిన షరతులకు నేరుగా వస్తాను. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా (మరణం 1325) నాలుగు విషయాలు చూడమన్నారు. పాడేవాడు పెద్దవాడైన మగవాడై ఉండాలి, పిల్లవాడూ స్త్రీ కాకూడదు. వినేవాడి మనసు అల్లా ధ్యాసలో ఉండాలి. పాడే మాటల్లో బూతు, ఎగతాళి ఉండకూడదు. నాలుగోది సాధనం: చంగ్, రబాబ్ లాంటివి మజ్లిస్‌లో ఉండకూడదు.

ఆ నాలుగోదాన్ని మీ మామగారికి గట్టిగా చదివి వినిపించు. చిష్తీలకు అన్నీ చెల్లుతాయి అనుకునేవాళ్లు దాన్ని దాటవేస్తుంటారు. ఆయన మజ్లిసుల్లో మాటలను శిష్యులు రాసిపెట్టినదాంట్లో ఒక సంగతి ఉంది. కొందరు దర్వేషులు బాజాలున్న చోట సమా విన్నారని ఎవరో చెప్పారు. "బాజాలు, హరాం పనులు వద్దని నేను చెప్పే ఉన్నాను, వాళ్లు చేసింది మంచి పని కాదు" అన్నారు. "అడిగితే, సమాలో మునిగిపోయాం, అక్కడ బాజాలున్నాయో లేదో కూడా తెలియలేదు అంటున్నారు" అని చెబితే, అది జవాబే కాదన్నారు. ఆ సాకు ఏ పాపానికైనా చెప్పుకోవచ్చు కదా అని ఆయన భావం.

మిట్టూరు మస్తాన్
మాస్టారూ, మా చిత్తూరు వైపు ఉరుసుల్లో ఆడ మగ కవ్వాల్‌ల పోటీ పెడితేనే జనం వస్తారు. ఆవిడ ఒక షేర్ విసిరితే ఈయన ఇంకోటి విసరాలి, తెల్లారేదాకా విజిళ్లే విజిళ్లు. ఈ నాలుగు షరతులు పెడితే స్టేజీ మీద మిగిలేది షామియానా ఒక్కటే 😀

పీలేరు మాస్టారు
నిజమే మస్తాన్. దాన్ని వినోదం అనుకుంటే వినోదంలాగే చూడాలి. దాన్ని సమా అని పిలిచి నిజాముద్దీన్ పేరు వాడుకోవడమే నాకు నచ్చదు.

వేలూరులో చదివిన మౌల్వీ
అస్సలాము అలైకుం. మాది మదనపల్లె. వేలూరు బాఖియాత్ మద్రసాలో చదువుకున్నాను. ఇమాం సాబ్ లేచి వెళ్తాననడం మీద మామగారు అలిగారని చూసి రాస్తున్నాను, ఎందుకంటే ఆయన మాటకు హనఫీ ఫిఖ్‌లో, అంటే ధర్మశాస్త్రంలో, నేరుగా ఆధారం ఉంది.

హిదాయా మా మద్రసాల్లో పాఠ్యగ్రంథం. రచయిత మర్గీనానీ 1197లో పోయారు. అందులో ఒక మసలా, అంటే ధర్మసందేహం, ఇలా ఉంటుంది. ఒకతన్ని వలీమాకు పిలిచారు. వెళ్లి చూస్తే అక్కడ ఆటా పాటా ఉంది. కూర్చుని తినవచ్చా? తినవచ్చు అంటారు. పిలుపును గౌరవించడం సున్నత్, పక్కన జరిగే తప్పు కోసం దాన్ని వదలక్కరలేదు. అయితే వచ్చినవాడు జనం చూసి అనుసరించే మనిషి అయితే లెక్క మారుతుంది. ఆపగలిగితే ఆపాలి, లేకపోతే లేచి వెళ్లాలి. ఆయన కూర్చుంటే దీన్‌కే మచ్చ, చూసేవాళ్లకు పాపం తలుపు తెరిచినట్టు. ఇమాం అబూ హనీఫా "ఒకసారి నాకూ ఈ పరీక్ష వచ్చింది, ఓర్చుకున్నాను" అన్నారని అక్కడే ఉంది. అది ఆయన జనానికి మార్గదర్శి కాకముందు సంగతి అని మర్గీనానీ వివరిస్తారు. "పరీక్ష" అన్నారు కాబట్టి బాజాలన్నీ హరామే అనీ అదే మాట నుంచి తీస్తారు.

కాబట్టి మీ ఇమాం సాబ్ మిమ్మల్ని అవమానించలేదు. ఆయన ముసల్లా మీద నిలబడే మనిషి, రేపు ఎవరైనా "ఇమాం సాబే కూర్చున్నారు కదా" అంటారు. జిక్ర్ వరకు ఉంటానన్నారంటే మీ పిలుపుకు విలువిచ్చినట్టే. మీ చిన్నాన్న మాటకు ఆధారం ఉంది గానీ, ఇమాం కాని మనిషి భోజనానికి కూడా రాకపోవడం ఈ మసలా ప్రకారం తప్పనిసరి కాదు. ఆయన్ని జిక్ర్‌కు, భోజనానికి పిలవండి.

కొర్లగుంట రఫీ
మౌల్వీ సాబ్, ఇది మామకు చదివి వినిపించాను. కాస్త తగ్గారు. కానీ వెంటనే ఇంకో పాయింట్ ఎత్తారు: "గజాలీ అంతటివాడు డోలు జాయిజ్ అన్నాడు" అని. నిజమేనా?

పీలేరు మాస్టారు
నిజమే. ఇక్కడ కొంచెం ఓపికగా చదవాలి.

గజాలీ (మరణం 1111) తన ఇహ్యా గ్రంథంలో సమా, వజ్ద్ అనే మైమరపు మర్యాదల కోసం ఒక పూర్తి భాగం కేటాయించారు. ఆయన వాదన ఇలా నడుస్తుంది. చెవికి హాయిగా ఉండటమే తప్పయితే పక్షి పాట వినడమూ తప్పే కావాలి. అలా ఎవరూ అనరు. మరి తీగ వాయిద్యాలు, కొన్ని పిల్లనగ్రోవులు ఎందుకు హరాం? అవి సారాయి మజ్లిసుల గుర్తులు. అవి మోగితే తాగేవాడికి తాగుడు గుర్తొస్తుంది, తాగనివాడు తాగుబోతుల వేషం వేసినట్టవుతుంది. అంటే కారణం శబ్దంలో లేదు, ఆ శబ్దం ఎవరి గుర్తో అన్నదాంట్లో ఉంది.

అందుకే ఆయన గజ్జెలున్న దఫ్‌ను, డోలును, కర్రతో తాళం వేయడాన్ని, ఒక రకం ఊదే వాయిద్యాన్ని కూడా అనుమతించారు. డోలుల్లో ఒక్కదాన్ని మినహాయించారు, దాని పేరు కూబా. రెండు చివరలూ వెడల్పు, నడుం సన్నం. మనవైపు ఉడుక్కు చూసినవాళ్లకు ఆ ఆకారం వెంటనే తెలుస్తుంది. ఆయన కాలంలో అది తాగుబోతు బృందాల వాయిద్యం.

ఢోలక్ నడుం దగ్గర లావుగా ఉంటుంది, కూబా ఆకారం కాదు. గజాలీ లెక్కన అది మామూలు డోలు కోవలోకి వస్తుందని నా అభిప్రాయం.

వేలూరులో చదివిన మౌల్వీ
మాస్టారు చెప్పింది సరే, ఒకటి కలపాలి. గజాలీ షాఫియీ. రఫీ ఇల్లు హనఫీ. హిదాయా మాట ఉన్న ఇంట్లో ఇహ్యా చూపించి ఢోలక్ తెస్తే చిన్నాన్న ఎందుకు ఒప్పుకోవాలి?

పీలేరు మాస్టారు
మౌల్వీ సాబ్, ఇదే ప్రశ్న మీద ఢిల్లీ దర్బారు మొత్తం కూర్చుంది.

గియాసుద్దీన్ తుగ్లక్ (పాలన 1320–1325) దగ్గరికి కొందరు ఉలమా వెళ్లి నిజాముద్దీన్ మీద ఫిర్యాదు చేశారు. సమా హరాం, ఈయన వింటున్నాడు, జనమంతా ఆయన వెంట పోతున్నారు అని. సుల్తాను మహజర్ పెట్టించాడు, అంటే ఉలమా అందరి ఎదుట విచారణ. ఈ కథ మనకు అమీర్ ఖుర్ద్ రాసిన చిష్తీ చరిత్ర నుంచి తెలుస్తోంది. ఆయన షేక్ పక్షం మనిషి అని గుర్తుపెట్టుకుని చదవాలి.

షేక్‌జాదా హుసాముద్దీన్ అనే ఆయన లేచి "నీ మజ్లిస్‌లో సమా వింటారు, గెంతుతారు, ఆహ్ ఓహ్ అంటారు" అన్నాడు. షేక్ "అరవకు. ముందు సమా అంటే ఏంటో చెప్పు" అన్నారు. "నాకు తెలియదు, ఉలమా హరాం అంటారని తెలుసు" అన్నాడాయన. "తెలియనప్పుడు నీతో నాకు వాదన లేదు" అని షేక్ ఊరుకున్నారు.

అసలు వాదం తర్వాత వచ్చింది. షేక్ హదీసులు చెప్తే, ఎదుటి ఉలమా "మన ఊళ్లో హదీసు కంటే ఫిఖ్ రివాయత్ ముందు, మీరు అబూ హనీఫా మాట చూపించండి" అన్నారు. షేక్‌కు ఆ మాట చాలా బాధ కలిగించింది. ప్రవక్త మాట చెబితే వినని ఊరు ఎలా నిలుస్తుంది అన్నారట. మధ్యలో ముల్తాన్ బహావుద్దీన్ జకరియా మనవడు మౌలానా ఇల్ముద్దీన్ వచ్చాడు. సుల్తాను ఆయన్ని అడిగాడు. "బగ్దాద్, షామ్, రూమ్ తిరిగాను. అక్కడి పెద్దలు వింటారు, ఎవరూ ఆపరు" అన్నాడు. చివరికి షేక్ మీద నిషేధం రాలేదు, గౌరవంగా పంపించారు.

గమనించండి, ఆ దర్బారులో ఎవరూ తీగ వాయిద్యాల తరఫున వాదించలేదు. గొడవంతా పాట వినడం మీదే.

హనఫీ విద్యార్థి
అయితే హదీసు ఉన్నప్పుడు ఇమాం మాట పట్టుకోవడం తప్పని షేక్ అన్నట్టేనా? ఇది అహ్లె హదీస్ వాళ్ల మాటలా ఉంది!

వేలూరులో చదివిన మౌల్వీ
వింతే కదా. ఈ రోజు అహ్లె హదీస్ వాళ్లు అదే వాక్యంతో సమాను ఖండిస్తారు. అయినా ఉలమా పక్షానికీ న్యాయం చేయాలి. హదీసును ఎవరు పడితే వాళ్లు తీసి తీర్పు చెప్పకూడదు, మజ్‌హబ్ జల్లెడ పట్టిన తర్వాతే అమలు అన్నది వాళ్ల సూత్రం. అది హదీసును కాదనడం కాదు. అమీర్ ఖుర్ద్ కలంలో వాళ్లు మూర్ఖుల్లా కనిపిస్తారు. వాళ్ల వైపు నుంచి ఎవరైనా రాసి ఉంటే ఇంకోలా ఉండేది.

చిత్తూరు నాదస్వరం
నా సంగతి కూడా అడగనా? మేము దూదేకుల వాళ్లం. మా తాత, నాన్న నాదస్వరం వాయించేవాళ్లు, నేనూ వాయిస్తాను. పెళ్లిళ్లు, గుళ్లో ఉత్సవాలు, అదే మా అన్నం. మసీదులో ఒకాయన "మజామీర్ అంటే నువ్వు ఊదేదే, నీ సంపాదన సరి కాదు" అన్నాడు. మాస్టారు ఇప్పుడే గజాలీ ఒక ఊదే వాయిద్యాన్ని ఒప్పుకున్నాడని రాశారు. అది నాదస్వరం లాంటిదేనా?

పీలేరు మాస్టారు
తమ్ముడూ, అవునని చెప్పి నిన్ను సంతోషపెట్టాలని ఉంది గానీ, ఆ పేరు చూసి ఇదీ అదీ ఒకటే అని చెప్పలేం. ఆయన సూత్రం పట్టుకుంటే, నాదస్వరం మన దగ్గర తాగుబోతు మజ్లిస్ గుర్తు కాదు, పెళ్లి గుర్తు. ఆ మేరకు నీకు అనుకూలమే.

వేలూరులో చదివిన మౌల్వీ
హనఫీ ఫత్వా ప్రకారం మాత్రం అనుకూలం కాదని చెప్పక తప్పదు. పైగా నీ ప్రశ్న సమా మర్యాద గురించి కాదు, జీవనోపాధి గురించి. గుడి ఉత్సవాల సంగతి మళ్లీ వేరే. దాన్ని ఫోరంలో తేల్చుకోకు భాయ్. నీ ఇంటి పరిస్థితి మొత్తం తెలిసిన ఆలిమ్‌తో కూర్చుని మాట్లాడు. అందరి ముందు అలా అనడం మాత్రం ఆ మనిషి తప్పు.

చిత్తూరు నాదస్వరం
సరే హజ్రత్. ఒప్పుకున్నానని కాదు, విన్నాను.

పలమనేరు ఆపా
ఇంతసేపూ వాయిద్యాల మీదే ఉన్నారు. రఫీ కూర్చునే పద్ధతి కూడా అడిగాడు, దాని ఊసే లేదు.

మా పుట్టిల్లు కడప. ఉరుసుల్లో పరదా వెనక కూర్చుని విన్నదాన్ని. మా ఇంట్లో నేర్పినవి చెప్తాను. వుజూతో రావాలి. మోకాళ్ల మీద, నమాజ్‌లో అత్తహియ్యాత్‌కు కూర్చున్నట్టు కూర్చోవాలి. కాళ్లు నొప్పి పుడితే మెల్లగా మార్చుకోవచ్చు గానీ సద్ర్‌గా కూర్చున్న పెద్ద వైపు కాళ్లు చాపకూడదు. వినేవాళ్లు చప్పట్లు కొట్టకూడదు, చప్పట్లు కవ్వాల్‌లవే. వాహ్ వాహ్ అనడం ముషాయిరాకు పోవాలి. టీలు, పాన్లు మధ్యలో తిప్పొద్దు. ఫోన్ తీసి వీడియో పట్టడం నాకు అన్నిటికంటే మంట.

డబ్బు ఇచ్చే పద్ధతి చాలామందికి తెలియదు. నోట్లు కవ్వాల్ తల మీద చల్లడం మజ్లిస్‌లో చేయరు. ఇవ్వాలనిపించినవాళ్లు లేచి, రెండు చేతులతో నోటును సద్ర్‌గా కూర్చున్న పీర్ సాబ్ ముందు పెట్టాలి. ఆయన చెయ్యి తాకించాక అది కవ్వాల్‌లకు వెళ్తుంది. అలా చేస్తే ఎవరు ఎంతిచ్చారని ప్రదర్శన ఉండదు. పాట నచ్చి ఇచ్చానన్న గర్వం పోయి నజరానా అవుతుంది.

పీలేరు మాస్టారు
ఆపా, చాలా బాగా చెప్పారు. మీరు నేర్చుకున్నవాటిలో చాలావరకు గజాలీ రాసినవే. అటూ ఇటూ చూడకుండా, తల దించుకుని, గొంతు సవరించుకోకుండా, ఆవలించకుండా కూర్చోమంటారు. చప్పట్లు, గెంతడం వద్దంటారు. ఏడుపును ఆపుకోగలిగినంతసేపు గొంతెత్తి ఏడవకూడదు. అన్నిటికంటే ముందు మూడు చూడాలి: సమయం, చోటు, కూడా ఉన్న మనుషులు. నమాజ్ వేళ, అన్నం వేళ, గొడవ పడే వేళ పెట్టకూడదు. ఎగతాళి చేసేవాడు ఒక్కడున్నా, లోపల ఏమీ లేకుండా దుస్తులు చించుకునే నటుడు ఒక్కడున్నా మజ్లిస్ చెడిపోతుంది.

రఫీ, నీకు పనికొచ్చేది ఇంకోటి. కొత్త మురీదులకు సమా వల్ల నష్టం జరిగేలా ఉంటే, వాళ్లున్న చోట షేక్ సమా వినకూడదని, విన్నా వాళ్లను వేరే పనిలో పెట్టాలని ఆయన అంటారు. మీ ఇంటి కుర్రాళ్లు సరదాకు వస్తుంటే వడ్డన పని అప్పగించు.

మిట్టూరు మస్తాన్
మరి పాట వింటూ ఎవరికైనా హాల్ వచ్చి మైమరచిపోతే? మా ఊళ్లో ఒకాయనకు ప్రతి ఉరుసులో కరెక్టుగా ఫోటోగ్రాఫర్ ఎదురుగా ఉన్నప్పుడే వస్తుంది.

పలమనేరు ఆపా
ఎవరిది నిజమో మనం తూకం వేయకూడదు మస్తాన్. పద్ధతి ఇదీ: ఒకరికి హాల్ వస్తే, కవ్వాల్ ఆ పంక్తి దగ్గరే ఆగి అదే తిప్పి తిప్పి పాడాలి. ముందుకు పోకూడదు. ఆ మనిషి స్థిమితపడ్డాకే తర్వాతి పంక్తి. మంచి కవ్వాల్ కళ్లు ఎప్పుడూ జనం మీదే ఉంటాయి. ఆ మనిషి లేచి నిలబడితే సద్ర్ లేస్తారు, సద్ర్ లేస్తే అందరూ లేవాలి. ఆయన కూర్చునేదాకా ఎవరూ కూర్చోరు.

పీలేరు మాస్టారు
ఆ తిప్పి పాడటం వెనక ఒక మరణం ఉంది. ఢిల్లీలో ఖ్వాజా కుత్బుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో ఒక పారసీ షేర్ విని మైమరచిపోయారు. తస్లీమ్ అనే సమర్పణ కత్తికి బలైనవాళ్లకు ప్రతి క్షణం కంటికి కనిపించని గైబ్ నుంచి కొత్త ప్రాణం వస్తుంది అని దాని భావం. ఇంటికి తీసుకెళ్లాక కూడా అదే పాడించారు. నమాజ్ వేళకు లేచి నమాజ్ చేసి మళ్లీ అదే స్థితిలోకి వెళ్లేవారట. నాలుగు రోజులు అలా గడిచి ప్రాణం పోయింది. మైమరపులోనూ నమాజ్ తప్పలేదన్న ముక్కను చిష్తీలు ఆ కథలో చాలా గట్టిగా పట్టుకుంటారు.

దీనికి రెండో కొస జునైద్ బగ్దాదీ (మరణం 910). సమాలో కదలకుండా కూర్చునేవారు. ఏమీ కలగడం లేదా అని అడిగితే ఖురాన్ ఆయత్ చదివారు: కొండలను చూసి కదలవనుకుంటావు, అవి మబ్బుల్లా సాగిపోతుంటాయి. మస్తాన్, మీ ఊరి పెద్దమనిషికి ఇది చెప్పి చూడు.

హనఫీ విద్యార్థి
జిక్ర్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. గట్టిగా జిక్ర్ చేయడం బిద్‌అత్ అని విన్నాను. బుఖారీలో హదీసు ఉంది: మీరు చెవిటివాణ్నో, దూరంగా ఉన్నవాణ్నో పిలవట్లేదు అని.

వేలూరులో చదివిన మౌల్వీ
ఉంది. అబూ మూసా అష్‌అరీ రివాయత్. అది ప్రయాణంలో సహాబాలు గొంతు చించుకుని తక్బీర్ చెప్తుంటే అన్న మాట, మీ మీద మీరు దయ చూపించుకోండి అన్న ఉద్దేశంతో. దాన్నుంచి మామూలు గొంతు కూడా తప్పని తీసినవాళ్లున్నారు, తీయనివాళ్లున్నారు. సుయూతీ దీని మీదే ఒక రిసాలా రాశారు, లక్నో అబ్దుల్ హై (1848–1886) ఇంకోటి రాశారు. హనఫీల్లో ఇబ్ను ఆబిదీన్ చెప్పింది రఫీకి నేరుగా పనికొస్తుంది: కలిసి గట్టిగా జిక్ర్ చేయడం మంచిదే, నిద్రపోయేవాడికి, నమాజ్ చేసేవాడికి, ఖురాన్ చదివేవాడికి ఇబ్బంది కానంతవరకు.

ఇందాక వాకర్ గారు మైకు సంగతి చెబితే పక్కన పెట్టేశాం గానీ, పక్కింటి వాళ్ల నిద్ర ఫిఖ్ పుస్తకంలోనూ ఉంది.

అలిపిరి వాకర్
చూశారా!

కొర్లగుంట రఫీ
సార్, ఒప్పుకున్నాను 🙏 జిక్ర్ కింద హాల్లో తలుపులు వేసి పెట్టుకుంటాం.

ఇప్పుడు మా కవ్వాల్‌ల సంగతి. ఫోన్ చేసి అడిగాను: హార్మోనియం లేకుండా, ఒక్క ఢోలక్‌తోనో, దఫ్‌తోనో పాడతారా అని. పెద్దాయన నవ్వి, "ఢోలక్ లేకపోయినా పాడతాను బాబూ, పేటీ లేకుండా మా కుర్రాళ్లకు సుర్ నిలవదు" అన్నారు. మామ మాత్రం హార్మోనియం కావాల్సిందే, నిజాముద్దీన్ దర్గాలోనే వాయిస్తారు అంటున్నారు.

పీలేరు మాస్టారు
ఇప్పుడు వాయిస్తారు. నిజాముద్దీన్ కాలంలో అది పుట్టనే లేదు. హార్మోనియం 19వ శతాబ్దంలో పారిస్‌లో తయారైంది. కాబట్టి పెద్దలు విన్నారు అన్న ఆధారం దానికి చెల్లదు. దర్గాలో జరుగుతోంది అన్నదే ఆధారం అనుకుంటే, నసీరుద్దీన్ చిరాగ్ ఢిల్లీ సంగతి చెప్పు మామకు. ఆయన నిజాముద్దీన్ ఖలీఫా, అంటే ఆధ్యాత్మిక వారసుడు. ఒక మజ్లిస్‌లో దఫ్‌తో పాట మొదలవగానే లేచారు. "మీ పీర్ దారి వదిలేస్తున్నారా" అని తోటివాళ్లు అడ్డుపడ్డారు. "పీర్ చేసింది ఆధారం కాదు, ఖురాన్, హదీసుల నుంచి చూపించండి" అన్నారు. ఫిర్యాదు నిజాముద్దీన్ దాకా వెళితే, ఆయన అన్నదే సరి అన్నారట.

వేలూరులో చదివిన మౌల్వీ
హార్మోనియం లోపల గాలి తిత్తి, రీడ్లు. గాలితో మోగేదే కాబట్టి మజామీర్‌లోకే వస్తుందని నేనంటాను.

పీలేరు మాస్టారు
నోటితో ఊదేది కాదు, తాగుబోతుల గుర్తూ కాదు, సుర్ పట్టుకోవడానికి ఆసరా అని ఇంకొకరంటారు. నాకు రెండు వైపులా బరువు కనిపిస్తుంది. ఢోలక్ మీద చెప్పినంత ధైర్యంగా దీని మీద చెప్పలేను.

పలమనేరు ఆపా
మా ఆడవాళ్ల సంగతి ఒకటి. పాడేది మగవాళ్లే ఉండాలన్నారు, సరే. వినేదానికి మేం మనసు అల్లా మీద పెట్టలేమా? మేడ మీద చోటు చాలదని మమ్మల్ని వంటింట్లో పెట్టేస్తారు, ఏటా ఇంతే.

కొర్లగుంట రఫీ
లేదు ఆపా, మేడ మీద సగం పరదా కడుతున్నాం. వంట బయట నుంచి తెప్పిస్తున్నాం.

చిత్తూరు నాదస్వరం
పాట భాష గురించి ఏమైనా ఉందా? మా వాళ్లకు ఉర్దూ అంతగా రాదు. తెలుగులో తత్వం పాడితే సమా అవుతుందా?

పీలేరు మాస్టారు
గుల్బర్గా బందేనవాజ్ గేసూదరాజ్ (మరణం 1422) ఈ విషయం మాట్లాడారు. ప్రతి భాషకూ ఒక గుణం ఉంటుంది, హిందవీ మెత్తగా మనసుకు తగులుతుంది, ఆ పాట వింటే జనం కరిగిపోతారు అన్నారు. అరబ్బీ, పారసీ వచ్చిన మనిషి చెప్పిన మాట అది. నిజాముద్దీన్ నాలుగు షరతుల్లోనూ భాష లేదు, మాటల్లో ఏముందన్నదే ఉంది. తెలుగులో ఎందుకు కాకూడదు? అర్థమై వింటారు కూడా.

కొర్లగుంట రఫీ
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో కూర్చుని ఇలా ఒప్పుకున్నాం. ఇషా అయిన వెంటనే కింద హాల్లో ఖురాన్, ఫాతిహా, మామూలు గొంతుతో జిక్ర్. తర్వాత భోజనం. చిన్నాన్న, ఇమాం సాబ్ భోజనం చేసి వెళ్తారు, ఎవరూ ఆపరు, ఎవరూ అలగరు. ఆ తర్వాత మేడ మీద సమా. హమ్ద్, నాత్, ఖౌల్, చివర్న రంగ్. పెద్దాయన ఒక్కరే పాడతారు, ఢోలక్ ఉంటుంది. నజరానా మా పీర్ సాబ్ కొడుకు గారి ముందు పెడతాం. ఫోన్లు కిందే. హార్మోనియం మీద మామ, నేను ఇంకా ఒక మాటకు రాలేదు.

మిట్టూరు మస్తాన్
పేటీ వస్తే మౌల్వీ సాబ్ రారు, రాకపోతే మామ రారు. భోజనం మెనూ ఏంటో చెప్పు, నేను ఎలాగైనా వస్తా.

వేలూరులో చదివిన మౌల్వీ
నన్ను పిలిస్తే భోజనం దాకా ఉంటాను, ఇన్షా అల్లా. రఫీ, మీ చిన్నాన్నను నా పక్కనే కూర్చోబెట్టు, దారిలో పీలేరు దాకా బండి మీద నేనే దింపేస్తాను. మాస్టారితో హార్మోనియం వాదన ఇంకా మిగిలుంది.